ఆరు పడని వరసలు

లూడో ఆట మొదట్లో చాలా ఇళ్లలో ఒకటే దృశ్యం. నలుగురు పిల్లలు బోర్డు చుట్టూ చేరతారు. పాచిక మీద ఆరు పడితేనే కాయ ఇంట్లోంచి బయటికి రావాలి. ఒకరికి రెండోసారికే ఆరు పడుతుంది, ఆ కాయ గబగబా సగం దూరం వెళ్లిపోతుంది. ఇంకొకరు తమ వంతు వచ్చినప్పుడల్లా పాచికను గుప్పిట్లో బాగా కలిపి, ఒకసారి ఊది మరీ వేస్తారు. రెండో మూడో పడుతుంది. పదిసార్లు వేసినా ఆరు పడని పిల్లకి ఆ పాచిక తన మీదే పగబట్టిందని అనిపించకుండా ఎలా ఉంటుంది?

ఆ పిల్ల బాధ వెనక మంచి లెక్క ఒకటి ఉంది. ఒక పాచికను వరసగా ఎన్నిసార్లు వేస్తే, అందులో కనీసం ఒక్కసారైనా ఆరు పడే అవకాశం సగం దాటుతుంది?

ఎవరినైనా అడిగి చూస్తే మొదట వచ్చే జవాబు దాదాపు ఇలా ఉంటుంది: పాచికకు ఆరు ముఖాలు, ఒకసారి వేస్తే ఆరు పడే అవకాశం ఆరింట ఒకటి, మూడుసార్లు వేస్తే ఆరింట మూడు, అంటే సరిగ్గా సగం. వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఈ జవాబు తప్పు. కానీ ఈ తప్పు చేసినవాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు. 16వ శతాబ్దపు ఇటలీలో వైద్యుడిగా, గణితజ్ఞుడిగా పేరు పొందిన జిరోలమో కార్దానో జూదం మీద లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. ఆయన 1576లో చనిపోతే, అది 1663లో గానీ అచ్చుకు రాలేదు. పాచికల లెక్కలు చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి. అందులో ఒకచోట కార్దానో కూడా, కోరుకున్న ముఖం మూడుసార్లలో పడటానికీ పడకపోవడానికీ అవకాశం సమానమనే రాశాడు.

ఈ కూడిక ఎక్కడ చెడుతుందో తెలియాలంటే దాన్ని కొంచెం ముందుకు లాగితే చాలు. మూడుసార్లకు ఆరింట మూడు అయితే, ఆరుసార్లకు ఆరింట ఆరు కావాలి. అంటే ఆరుసార్లు వేస్తే ఆరు పడి తీరాలి. లూడో ఆడిన ఎవరైనా ఈ మాట ఒప్పుకోరు. ఇక ఏడుసార్లకు ఆరింట ఏడు! తప్పకుండా జరుగుతుందన్నదానికంటే ఎక్కువ అవకాశం అంటూ ఉండదు కదా. కాబట్టి కూడిక చివర్లో ఎక్కడో కాదు, మొదటి అడుగులోనే తప్పింది.

రెండుసార్లతో మొదలుపెడదాం. మొదటిసారి ఆరు రకాలుగా పడవచ్చు, ఒక్కోదానికి రెండోసారి మళ్లీ ఆరు రకాలు, మొత్తం 36 జతలు. వీటిలో మొదటిసారి ఆరు పడ్డవి 6, రెండోసారి ఆరు పడ్డవి 6. కలిపితే 12 అనిపిస్తుంది. వేళ్ల మీద లెక్కపెడితే మాత్రం 11 జతలే తేలతాయి. రెండుసార్లూ ఆరే పడ్డ జత రెండు జాబితాల్లోనూ ఉంది, కూడికలో దాన్ని రెండుసార్లు లెక్కపెట్టేశాం. తేడా ఒక్కటే కదా అని వదిలేస్తే, వేసే సార్లు పెరిగేకొద్దీ అది కొండంత అవుతుంది.

ఇప్పుడు నాలుగుసార్లు వేసే ఆట తీసుకుందాం. చరిత్రలో పేరుపడ్డ పందెం అదే. నాలుగుసార్లు వేస్తే వచ్చే ఫలితాలన్నీ ఒక నోటుబుక్కులో రాస్తున్నట్టు ఊహించుకోవాలి. 3-1-6-2 ఒక వరస, 5-5-1-4 ఇంకొకటి. మొత్తం వరసలు 6 × 6 × 6 × 6, అంటే 1296. పేజీకి 36 వరసల చొప్పున రాస్తే సరిగ్గా 36 పేజీలు పడతాయి. మొదటి రెండుసార్లు ఏం పడిందో దాన్నిబట్టి పేజీ, చివరి రెండుసార్లు ఏం పడిందో దాన్నిబట్టి ఆ పేజీలో వరస. పాచికలో లోపం లేకపోతే ఈ 1296 వరసల్లో ఏది రావడానికైనా సమానమైన అవకాశమే.

ఈ పుస్తకంలో కనీసం ఒక ఆరు ఉన్న వరసలు ఎన్ని? నేరుగా లెక్కపెట్టబోతే 'కనీసం' అన్న చిన్న మాట చాలా పని పెడుతుంది. దాని కింద నాలుగు రకాల వరసలున్నాయి. ఒకే ఆరు ఉన్నవి కొన్ని, రెండున్నవి కొన్ని, మూడున్నవి ఇంకొన్ని, నాలుగూ ఆర్లే ఉన్నది ఒకటి. పైగా ఒకే ఆరు ఉన్న వరసలో ఆ ఆరు మొదట ఉందా, చివర ఉందా, మధ్యలో ఉందా అన్నది కూడా చూసుకోవాలి. ప్రతి రకానికీ విడి లెక్క వేసి, ఏదీ రెండుసార్లు రాకుండా జాగ్రత్తపడుతూ చివరికి అన్నీ కలపాలి.

దీనికి ఎదురువైపు చూస్తే పని ఒక్కసారిగా తేలికైపోతుంది. కనీసం ఒక ఆరు పడటానికి వ్యతిరేకం ఒక్క ఆరూ పడకపోవడం. దానికి రకాలు లేవు, ఒకటే రూపం. మొదటిసారి ఆరు పడలేదు, రెండోసారీ పడలేదు, మూడోసారీ పడలేదు, నాలుగోసారీ పడలేదు. అంతే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పదో తరగతి పాఠాల్లో 'సంభావ్యత' కింద పిల్లలు చదివే పూరక ఘటన ఇదే. ఒక సంగతి జరగడం, జరగకపోవడం రెండూ కలిస్తే పుస్తకం మొత్తం అవుతుంది. కాబట్టి జరగని వరసలు లెక్కపెట్టి మొత్తంలోంచి తీసేస్తే, మిగిలేవి జరిగే వరసలే.

నోటుబుక్కులో చూస్తే ఈ లెక్కకు రెండు నిమిషాలు కూడా పట్టదు. మొదటి రెండుసార్లూ ఆరు పడని పేజీలు 5 × 5 = 25. ఆ 25 పేజీల్లో ఒక్కో పేజీలో చివరి రెండుసార్లూ ఆరు పడని వరసలు మళ్లీ 25. అంటే పుస్తకం మొత్తంలో ఆరన్నదే లేని వరసలు 25 × 25 = 625. మిగిలినవి 1296 − 625 = 671. వీటిలో కనీసం ఒక ఆరు ఉండి తీరుతుంది. 671ని 1296తో భాగిస్తే 0.518 వస్తుంది. నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడే అవకాశం 51.8 శాతం, సగానికి కాస్త పైన. ఇదే లెక్క మూడుసార్లకు వేస్తే మొత్తం 216 వరసల్లో ఆరు లేనివి 125, ఉన్నవి 91. అంటే 42.1 శాతమే. కార్దానో సగం అనుకున్నచోట దాదాపు ఎనిమిది శాతం తరుగు ఉందన్నమాట.

సూత్రంలా రాసుకోవాలంటే ఒక్క పంక్తి చాలు. n అంటే వేసే సార్లు.

1 − (5/6)ⁿ

కానీ సూత్రం దగ్గరే ఆగిపోతే కూడిక ఎందుకు తప్పిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికీ జవాబు ఈ పుస్తకంలోనే దొరుకుతుంది. 1296 వరసల్లో మొదటి అంకె ఆరుగా ఉన్నవి సరిగ్గా ఆరింట ఒక వంతు, అంటే 216. రెండో అంకెకూ అంతే, మూడో నాలుగో అంకెలకూ అంతే. పుస్తకం మొత్తంలో రాసిన ఆర్లన్నీ కలిపితే 4 × 216 = 864. ఈ 864ని 1296తో భాగిస్తే మూడింట రెండు వస్తుంది. ఆరింట ఒకటిని నాలుగుసార్లు కూడితే వచ్చేదీ సరిగ్గా అదే. అంటే కూడిక అంకెల్లో పొరపాటు లేదు, అది వేరే ప్రశ్నకు జవాబు. కూడిక లెక్కపెట్టింది పుస్తకంలోని ఆర్లను. ఆటగాడు అడిగింది ఆరున్న వరసలను. 864 ఆర్లు 671 వరసల్లో సర్దుకుని కూర్చున్నాయి. ఒకే ఆరున్న వరసలు 500, రెండున్నవి 150, మూడున్నవి 20, నాలుగూ ఆర్లే అయినది 1. పందెం గెలవడానికి ఒక ఆరు చాలు. అదే వరసలో పడ్డ రెండో ఆరు, మూడో ఆరు గెలుపును పెంచవు. అలా అదనంగా పోయిన ఆర్లు 864 − 671, అంటే 193.

నాలుగుసార్లలో ఆరు వేస్తానని సరిసమాన పందెం కాసేవాడికి దీర్ఘకాలంలో కాస్త లాభమే. 17వ శతాబ్దపు ఫ్రాన్సులో జూదగాళ్లకు ఈ సంగతి తెలుసు. వాళ్లలో ఆంత్వాన్ గోంబో అనే రచయిత ఒకడు. షెవాలియే ద మేరే అన్నది ఆయన వాడుకున్న పేరు, చరిత్రకూ ఆ పేరుతోనే తెలుసు. ఈ పందేన్ని కొంచెం మార్చిన రూపం ఆయన్ను చికాకు పెట్టింది. ఒక పాచికకు బదులు రెండు పాచికలు కలిపి వేయాలి, రెండింటి మీదా ఒకేసారి ఆరు పడాలి. ఎన్నిసార్లు వేస్తే అవకాశం సగం దాటుతుంది?

మేరే ఆలోచన సూటిగానే సాగింది. ఒక పాచికకు 6 ముఖాలు, దానికి నాలుగుసార్లు సరిపోయాయి. రెండు పాచికలకు 36 జతలు, ఆరు రెట్లు. కాబట్టి వేయాల్సిన సార్లు కూడా ఆరు రెట్లు, అంటే 24 కావాలి. 36కి 24 ఎంతో, 6కి 4 అంతే. ఈ నిష్పత్తిలో తప్పేమీ కనబడదు. కానీ లెక్క వేస్తే 24 చాలదని తేలుతోంది. మేరే ఈ ముడిని బ్లేజ్ పాస్కల్ ముందు పెట్టాడు.

1654 జులై 29న పాస్కల్ పారిస్ నుంచి టూలూజ్‌లో ఉన్న పియెర్ ద ఫెర్మాకు ఒక ఉత్తరం రాశాడు. మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్ము ఎలా పంచాలన్నది ఆ ఉత్తరంలో ప్రధాన విషయం. మేరే అడిగిన రెండు పాచికల సంగతి అందులోనే కొద్ది వాక్యాల్లో వస్తుంది. నాలుగుసార్లలో ఆరు వేస్తానన్న పందెంలో అనుకూలం 671కి 625 అని పాస్కల్ చెప్పాడు. మనం నోటుబుక్కులో లెక్కపెట్టిన రెండు అంకెలూ అవే. జంట ఆర్ల పందెంలో 24 సార్లు వేసేవాడికి నష్టమనీ రాశాడు. అంకగణితం తనకు తానే విరుద్ధంగా మాట్లాడుతోందని మేరే గొడవ పెట్టాడట. ఆ మనిషి చాలా తెలివైనవాడేగానీ జ్యామితి తెలిసినవాడు కాదు, అదే పెద్ద లోపం అన్నది పాస్కల్ అభిప్రాయం.

అంకగణితం ఎదురు తిరగలేదు. మళ్లీ 'పడకపోవడం' వైపు నుంచి చూస్తే మేరే నిష్పత్తి ఎక్కడ జారిందో కళ్లకు కడుతుంది. ఆయన వాదన నిలవాలంటే, ఒక పాచికను ఒక్కసారి వేయడమూ రెండు పాచికలను ఆరుసార్లు వేయడమూ ఒకదానికొకటి సమానం కావాలి. ఒక పాచికను ఒకసారి వేస్తే ఆరు పడే అవకాశం 16.7 శాతం. మరి రెండు పాచికలను ఆరుసార్లు వేస్తే కనీసం ఒకసారి జంట ఆర్లు పడే అవకాశం ఎంత? ఒకసారి వేసినప్పుడు పడకపోవడానికి 36 జతల్లో 35 ఉన్నాయి. ఆరుసార్లూ పడకపోవాలంటే 35/36ని ఆరుసార్లు గుణించాలి, 0.8445 వస్తుంది. ఒకటిలోంచి తీసేస్తే 0.1555, అంటే 15.6 శాతం మాత్రమే. ఒక శాతానికి పైగా తగ్గింది.

ఎందుకు తగ్గింది? ఒక పాచికను ఒకసారి వేస్తే ఆరు ఒకసారే పడగలదు. రెండు పాచికలను ఆరుసార్లు వేస్తే జంట ఆర్లు రెండుసార్లు కూడా పడవచ్చు, అరుదుగా మూడుసార్లూ పడవచ్చు. అలా పడ్డవన్నీ నోటుబుక్కులోని ఆ 193 ఆర్లలాగే గెలుపుకు పనికిరాకుండా పోయినవి. సగటున పడే సార్లు రెండుచోట్లా ఒకటే, ఆరింట ఒకటి. ఒకచోట మాత్రం అవి ఒకే ఆటలో గుంపుగా వచ్చే వీలుంది. గుంపుగా వచ్చినకొద్దీ ఖాళీగా పోయే ఆటలు పెరుగుతాయి. ఈ చిన్న తరుగు నాలుగు విడతలు జరిగేసరికి 24 సార్లకు చేరిన అవకాశం 49.1 శాతం దగ్గర ఆగిపోయింది. ఇంకొక్కసారి వేయనిస్తే, అంటే 25 సార్లకు, అది 50.6 శాతమై సగం దాటుతుంది. ఒక్కసారి తేడాలో పందెం అటు నుంచి ఇటు తిరిగిపోయింది.

మేరే ఈ జంట ఆర్ల పందెంలో సొమ్ము పోగొట్టుకుని, అనుభవంతో తప్పు పసిగట్టి పాస్కల్ దగ్గరికి పరుగెత్తాడని చాలా పుస్తకాలు కథలా చెబుతాయి. పాస్కల్ ఉత్తరంలో ఆయన నష్టపోయినట్టు ఎక్కడా లేదు, ఉన్నది లెక్క మీద ఫిర్యాదే. అంకెలు కూడా ఆ కథకు అనుకూలంగా లేవు. ఆటకు 10 రూపాయల చొప్పున 24 సార్ల పందెం కాశాడనుకుందాం. గెలుపు 49.1, ఓటమి 50.9. సగటు నష్టం ఆటకు 17 పైసలు. 100 ఆటలాడితే సగటున 17 రూపాయలు పోతాయి. అదే 100 ఆటల్లో ఉత్త అదృష్టం వల్లనే ఒక 100 రూపాయలు అటో ఇటో ఊగడం మామూలు. ఆ ఊపులో 17 రూపాయల నష్టాన్ని కనిపెట్టడం సంతలో గుసగుస వినడంలాంటిది. ఈ పందెం నష్టదాయకమని ఆడి మాత్రమే కొంత నమ్మకంగా తేల్చుకోవాలంటే 13 వేల పైచిలుకు ఆటలు ఆడాలి. ఒక్కో ఆటకు 24 సార్ల చొప్పున పాచికలను మూడు లక్షలసార్లకు పైగా వేయాలి. మేరే తప్పును చేతి అనుభవంతో కాక కాగితం మీద పట్టుకున్నాడనుకోవడమే సబబు.

పాచికలు మరీ అన్నిసార్లు కాకపోయినా, ఆశ్చర్యపోయేంత ఓపికతో వేసినవాళ్లు లేకపోలేదు. ఇంగ్లండుకు చెందిన జంతుశాస్త్రవేత్త వెల్డన్ 12 పాచికలను ఒకేసారి వేస్తూ 26,306 సార్లు ఫలితాలు రాయించాడు. ఆ వివరాలు 1894లో ఆయన ఒక ఉత్తరంలో పంపాడు. అయిదు గానీ ఆరు గానీ పడటం సరిగ్గా మూడింట ఒక వంతు, అంటే 33.33 శాతం ఉండాలి. ఆయనకు వచ్చింది 33.77 శాతం. చుక్కల కోసం గుంటలు తొలిచిన పాచికల్లో ఎక్కువ చుక్కలున్న ముఖం తేలికవుతుంది, అది పైకి తిరిగి పడటానికి కాస్త మొగ్గు ఉంటుంది అన్నది దీనికి సాధారణంగా చెప్పే కారణం. ఇంట్లో లూడో పెట్టెలో వచ్చే పాచికకు ఇలాంటి లోపం ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే పూరక ఘటన లెక్కకు దీనివల్ల చిక్కేమీ లేదు. ఆరు పడే అవకాశం 16.7 శాతానికి బదులు 16.9 అయితే, పడకపోయేది 83.1 శాతం. దాన్నే నాలుగుసార్లు గుణించి ఒకటిలోంచి తీసేయాలి. నాలుగుసార్ల పందెం 51.8 నుంచి 52.3కి కదులుతుంది.

మారకూడనిది మాత్రం ఒకటుంది. ఒకసారి పడ్డదానికీ తర్వాతిసారి పడేదానికీ సంబంధం ఉండకూడదు. 5/6ని 5/6తో గుణించగలిగింది ఆ ధైర్యంతోనే. ముందు మూడుసార్లు ఆరు పడకపోతే నాలుగోసారి పడే అవకాశం పెరుగుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. 51.8 శాతం అన్న అంకె వాళ్లను ఇంకా తప్పుదారి పట్టిస్తుంది కూడా. నాలుగుసార్లూ ఇంకా వేయకముందు చెప్పే మాట అది. మూడు వేసేశాక, వాటిలో ఆరు లేదని తెలిసిపోయాక, మిగిలింది ఒక్కసారే. ఆ ఒక్కసారికి ఆరింట ఒకటే. నోటుబుక్కులో చూస్తే, మొదటి మూడు అంకెలు 2-5-1 అని తేలిపోయాక మిగిలిన వరసలు ఆరే, వాటిలో ఆరుతో ముగిసేది ఒకటే.

'కనీసం ఒకటి'ని ఇంత తేలిగ్గా లొంగదీసిన ఉపాయం 'కనీసం రెండు' దగ్గర కొంచెం కష్టపెడుతుంది. పరీక్షల్లో పిల్లలు జారిపోయే చోటు కూడా ఇదే. కనీసం రెండు ఆర్లు పడటానికి వ్యతిరేకం 'ఒక్కటీ పడకపోవడం' కాదు. ఒక్కటీ పడకపోయినా ఓటమే, ఒకటే పడినా ఓటమే. తీసేయాల్సినవి రెండు రకాలు. అలాగే 'కనీసం ఒకటి'కి వ్యతిరేకం 'అన్నీ ఆర్లే' అని రాసేవాళ్లూ ఉంటారు. పందెం ఓడిపోయే వరసలేవో విడిగా మాటల్లో చెప్పుకుని, గెలిచేవీ ఓడేవీ కలిపితే నోటుబుక్కు నిండుతోందా అని చూసుకుంటే ఈ రెండు తప్పులూ అక్కడికక్కడే బయటపడతాయి.

1693 నవంబరులో లండన్ నుంచి శామ్యూల్ పీప్స్ ఐజాక్ న్యూటన్‌కు సరిగ్గా ఇలాంటి ప్రశ్నే పంపాడు. దినచర్య రాసి చరిత్రలో నిలిచిన పీప్స్ ఈయనే. 6 పాచికలు వేసి కనీసం ఒక ఆరు తెప్పించడం, 12 వేసి కనీసం రెండు, 18 వేసి కనీసం మూడు, ఈ మూడింటిలో ఏది సులువు? మూడింటిలోనూ పాచికలకూ ఆర్లకూ నిష్పత్తి ఒకటే, మేరే ప్రశ్నలో ఉన్నట్టే. పీప్స్ మొగ్గు 18 పాచికల వైపు ఉంది. మొదటిదే సులువని న్యూటన్ జవాబిచ్చి, అంకెలు కట్టి చూపించాడు.

మొదటిదాని లెక్క మనకు తెలిసిందే. 6 పాచికలకు మొత్తం వరసలు 46,656. ఆరన్నది లేనివి 5ను ఆరుసార్లు గుణిస్తే వచ్చే 15,625. మిగిలినవి 31,031, అంటే 66.5 శాతం. ఆరుసార్లు వేస్తే ఆరు పడి తీరుతుందని అనుకునేవాళ్లకు మూడింట ఒక వంతు సార్లు నిరాశే మిగులుతుందని ఈ అంకె చెబుతుంది. రెండోదానికి ఒక్క ఆరూ లేకపోయే అవకాశం 11.2 శాతం. సరిగ్గా ఒకటే ఉండే అవకాశం 26.9 శాతం, ఎందుకంటే ఆ ఒక్క ఆరు 12 పాచికల్లో దేని మీదైనా ఉండవచ్చు. రెండూ తీసేస్తే 61.9 శాతం మిగులుతుంది. మూడోదానికి మూడు రకాలు తీసేయాలి, 59.7 శాతం మిగులుతుంది. తీసేయాల్సిన రకాలు ఇలా పెరుగుతూ పోతే ఒక దశలో నేరుగా లెక్కపెట్టడమే నయమనిపిస్తుంది. ఆరు పాచికల్లో కనీసం అయిదు ఆర్లు కావాలంటే వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. గెలిచే రకాలు రెండే, ఓడేవి అయిదు. ఏ వైపు రకాలు తక్కువో ఆ వైపు నుంచి వెళ్లాలి.

మళ్లీ లూడో బోర్డు దగ్గరికి వద్దాం. 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన ఈ ఆట మన పచ్చీసు నుంచే పుట్టింది. అక్కడ పదిసార్లు వేసినా ఆరు పడని పిల్ల ఇంకా మొహం ముడుచుకునే కూర్చుంది. ఒక పిల్లకు మొదటి పదిసార్లూ ఆరు పడకపోవడానికి అవకాశం 5/6ని పదిసార్లు గుణిస్తే వస్తుంది, 16.2 శాతం. అంటే ఆరింట ఒకటికి దాదాపు సమానం. పాచికను ఒకసారి వేస్తే ఆరు పడటం ఎంత మామూలో, పదిసార్లు వేసినా పడకపోవడం కూడా ఇంచుమించు అంతే మామూలు.

కానీ బోర్డు చుట్టూ కూర్చున్నది నలుగురు. ఆ నలుగురిలో కనీసం ఒకరు ఇలా ఇరుక్కుపోయే అవకాశం ఎంత? మళ్లీ అదే 'కనీసం ఒకరు', మళ్లీ అదే ఉపాయం. ఒకరు పదిసార్లలోపు ఆరు చూసే అవకాశం 83.8 శాతం. నలుగురూ చూడాలంటే దాన్ని నాలుగుసార్లు గుణించాలి, 49.4 శాతం వస్తుంది. నూటిలోంచి తీసేస్తే 50.6 శాతం. మేరేకు ఇరవై అయిదోసారి దక్కిన జంట ఆర్ల అవకాశమూ ఇంచుమించు ఇంతే. నలుగురు లూడోకు కూర్చున్న ఆటల్లో సగానికి కాస్త పైగా, ఎవరో ఒకరు పదిసార్లు వేసి కూడా ఒక్క కాయనైనా బయటికి తెచ్చుకోలేక కూర్చునే ఉంటారు. పదకొండోసారి పాచిక గుప్పిట్లోకి తీసుకున్నప్పుడు ఆ పిల్లకు ఉన్న అవకాశం మొదటిసారి ఉన్నంతే, ఆరింట ఒకటి.